వెలుగు మార్చరాదు

ఆ మూడు నెలల్లో నా మెదడులో గడ్డ ఉందని నేను పదకొండు సార్లు తేల్చుకున్నాను. రక్తనాళం ఉబ్బిందని నాలుగు సార్లు. ఒకసారైతే నిద్రమత్తులో, ఆడవాళ్లకు అసలు ఉండనే ఉండని గ్రంథి ఒకటి నాకు వాచిందని అర నిమిషం పాటు దిగులుపడ్డాను కూడా.

తప్పంతా నా బుర్రదే అనలేను, నా ఉద్యోగం అలాంటిది. ఆసుపత్రి స్కానింగ్ విభాగంలో రాత్రిపూట రిపోర్టులు టైపు చేస్తాను. డాక్టరుగారు తన తెరల మీద స్కాన్ చూస్తూ చెబుతుంటే, పక్క బల్ల దగ్గర కూర్చుని నేను టైపు కొడుతుంటాను. తలనొప్పితో వచ్చినవాళ్ల స్కాన్‌లు రాత్రికి అయిదారు ఉంటాయి. ఆయన "తలనొప్పి, రెండు నెలలుగా" అని మొదలుపెట్టగానే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. చివర "అసాధారణమైనదేమీ లేదు" అంటే ఆ రోగికంటే ముందు నేను ఊపిరి పీల్చుకుంటాను. "ఉంది" అంటే ఇక ఆ రాత్రి నాకు ఉన్నట్టే.

పగలు నేను విద్యార్థిని. అదే ఆసుపత్రి కాలేజీలో ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సు, రెండో సంవత్సరం. క్లాసులు పన్నెండు నుంచి నాలుగు వరకు. డ్యూటీ రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి అయిదు వరకు. మధ్యలో మిగిలిన దాన్ని నిద్ర అంటారు. మా అమ్మ దాన్ని "కునుకు" అనడానికి కూడా ఒప్పుకోదు. క్లాసుల వేళకు అడ్డురాని ఉద్యోగం ఈ ఊళ్లో నాకు ఇదొక్కటే దొరికింది. ఇది పోతే చదువూ పోతుంది. ఈ సంగతి నాకంటే బాగా మా పర్యవేక్షకురాలికి తెలుసు.

ఆవిడ అసలు పేరు జీతం పట్టీలో మాత్రమే ఉంటుంది. అందరికీ ఆవిడ ఫుల్‌స్టాప్ అక్క. రిపోర్టులో ఎక్కడైనా వాక్యం చివర చుక్క మరిచిపోతే ఆ కాగితాన్ని రెండు వేళ్లతో, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు పట్టుకొచ్చి నా బల్ల మీద పెడుతుంది. చేరిన మొదటి రోజే నన్ను నా కుర్చీ దగ్గరికి తీసుకెళ్లి మూడు మాటలు చెప్పింది.

"మైకు ముందు తుమ్మకు. కాఫీ గదిలోకి తేకు. ఈ తెర మీద బటన్లు ముట్టుకోకు."

మూడోదానికి సాక్ష్యంగా తెర అంచు మీద ఎర్ర అక్షరాల స్టిక్కర్ ఉంది. "వెలుగు మార్చరాదు." దాని కింద ఒక సంతకం, ఒక తేదీ. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం చూసినా నాకు అంత భక్తి కలగదు. మూడు నెలల పాటు ఆ బటన్ల దగ్గర దుమ్ము కూడా తుడవలేదు.

గది చిన్నది. పగలు అది టైపింగ్ గది. ట్యూబులైట్లన్నీ వెలుగుతుంటాయి, ఇద్దరు టైపిస్టులు కబుర్లు చెప్పుకుంటూ పని చేస్తారు. రాత్రి మాత్రం డాక్టరుగారు ఒక్కరే డ్యూటీ కాబట్టి అక్కడే కూర్చుంటారు. స్కాన్‌లో సన్నటి తేడాలు కనబడాలంటే గది చీకటిగా ఉండాలి. అందుకని తొమ్మిది కొట్టగానే లైట్లు ఆరిపోతాయి. ఆయన మొహం మీద బూడిదరంగు వెలుగు, నా మొహం మీద తెల్లటి వెలుగు. నా తెర మీద తెల్ల కాగితం పేజీ నిండా పరుచుకుని ఉంటుంది, కొంచెం నీలంగా కూడా. ఆ నీలం చూసి, ఇది ఆసుపత్రి కదా, శుభ్రత కోసం అనుకున్నాను. తెరకు శుభ్రత ఏమిటని అప్పుడు తట్టలేదు.

పదకొండున్నరకు మొదలయ్యేది. ముందు కనుబొమల మధ్య ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టు ఉండేది. ఒంటిగంటకు ఆ వేలు కళ్ల వెనక్కి చేరేది. రెండింటికి తల మొత్తం దానిదే. అప్పుడు నేను కళ్లు చికిలించి, మెడ ముందుకు సాచి, బావిలోకి తొంగిచూస్తున్నదానిలా టైపు చేసేదాన్ని. ఆ భంగిమలో పుట్టినవే నా రెండు తప్పులు.

స్కాన్‌లో మనిషి మనకు ఎదురుగా నిలబడినట్టు ఉంటాడు. తెర మీద ఎడమ పక్కన కనిపించేది అతని కుడి. ఇది మా కోర్సులో మొదటి వారం పాఠం. డాక్టరుగారు చెప్పేటప్పుడే సరిచేసి "కుడి" అంటారు, నేను "కుడి" అని కొడితే చాలు. ఒక రాత్రి కుడి మూత్రపిండంలో రాయిని ఎడమ మూత్రపిండంలోకి మార్చాను. రెండు వారాల తర్వాత ఒక పెద్దాయన విరిగిన మణికట్టును రెండో చేతికి తగిలించాను. రెండూ సంతకం పెట్టే ముందు డాక్టరుగారి కంటబడ్డాయి. ఆయన మంచివారు, నిట్టూర్చి ఊరుకున్నారు. అక్క ఊరుకోలేదు.

"ఆపరేషన్ చేసేవాళ్లు నీ కాగితం చూసే కత్తి పట్టుకుంటారు. నీకు నిద్రొచ్చిందని వాళ్లకి తెలీదు."

"నిద్ర కాదక్కా, తలనొప్పి."

"వాళ్లకి అదీ తెలీదు."

ఆవిడ చెప్పిందే నిజం.

"మూడోది జరిగితే నిన్ను కింద ఫైళ్ల గదికి మార్చేస్తా. అక్కడ పగటి డ్యూటీ, తొమ్మిది నుంచి అయిదు. కుడి ఎడమలతో పనుండదు."

పన్నెండింటి క్లాసుతో కూడా పనుండదు. ఆ మాట ఆవిడ అనలేదు, నేను అనలేదు. ఇద్దరం చుక్క పెట్టి ఊరుకున్నాం.

ఇంట్లో అమ్మ వైద్యం మొదలుపెట్టింది. ముందు నుదుటికి పట్టు, తర్వాత కాళ్లకు నూనె, తర్వాత నా స్నేహితుల మీద అనుమానం. "రాత్రంతా మేలుకుంటే తల నొప్పెట్టక ఏం చేస్తుందే. మనిషివి, గుడ్లగూబవి కాదు." నేను మాత్రం సొంత వైద్యంగా పసుపు రంగు కళ్లద్దాలు కొనుక్కున్నాను. నీలి వెలుగును ఆపుతాయని డబ్బా మీద రాసుంది. అవి పెట్టుకుని డ్యూటీకి వెళితే డాక్టరుగారు చీకట్లోంచి తల తిప్పి, "లోపల ఎండ ఎక్కువగా ఉందా అమ్మా" అన్నారు. తలనొప్పి దాని టైముకు అది వచ్చింది. కాకపోతే ఈసారి పసుపు రంగులో వచ్చింది.

చివరికి మా ఆసుపత్రిలోనే కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. గడ్డ సంగతి ఆవిడే బయటపెడుతుందని ఒక చిన్న ఆశ. ఆవిడ చూపు పరీక్షించింది, కంటి వెనక నరం చూసింది, కన్ను పొడిబారిందంది, పవర్ ఏమీ లేదంది. వాంతులు, చూపు మసకబారడం, తిమ్మిర్లు, పొద్దున లేవగానే నొప్పి, ఇలాంటివి ఉన్నాయా అని అడిగింది. ఒక్కటీ లేదు. ఉంటే బాగుండునన్నట్టు నేను తలొంచుకున్నాను.

"మాత్రలు వారానికి ఎన్ని వేసుకుంటున్నారు?"

"రోజుకొకటి."

"అవి ఎక్కువైనా తలనొప్పి వస్తుంది. వారంలో రెండు రోజులు దాటకండి. ఒక పుస్తకం పెట్టి, నొప్పి ఎప్పుడొచ్చిందో, అప్పుడు ఎక్కడున్నారో రాయండి. రెండు వారాల తర్వాత రండి."

రాశాను. నా నోట్సు కంటే శ్రద్ధగా రాశాను. రెండు వారాల తర్వాత ఆవిడ ఆ పుస్తకం మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్లింది.

"డ్యూటీ ఉన్న ప్రతి రాత్రీ ఉంది. సెలవు రాత్రుల్లో ఒక్కసారీ లేదు. సెలవు రోజు రాత్రి ఏం చేస్తారు?"

"చదువుకుంటానండి. రెండింటి దాకా."

"మేలుకునే ఉంటారన్నమాట. అయినా నొప్పి లేదు. అయితే అది మీ తలలో లేదమ్మా, ఆ కుర్చీ దగ్గరుంది. అక్కడేముందో చూసుకోండి."

నేను ఎంత తెలివైనదాన్నంటే, వెళ్లి కుర్చీ మార్చాను.

నవ్వకండి. నిజంగానే పక్క గదిలోంచి వేరే కుర్చీ దొర్లించుకొచ్చాను. తర్వాత దిండు వేశాను. తర్వాత ఏసీ గాలి మొహానికి కొట్టకుండా అట్టముక్క అడ్డం పెట్టాను. కంటికి ఎదురుగా అడుగున్నర దూరంలో దీపంలా వెలుగుతున్న వస్తువును మాత్రం వదిలేసి, దాని చుట్టూ ఉన్నవన్నీ మార్చాను. అసలు విచిత్రం ఏమిటంటే, మొదటి సంవత్సరం పరీక్షలో "చీకటి గదిలో మరీ వెలుగున్న తెర చూస్తే కళ్లు ఎందుకు అలసిపోతాయి" అనే ప్రశ్నకు నాకు పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. చీకటికి కంటిపాప పెద్దదవుతుందని, తెర చూడగానే ముడుచుకుంటుందని, అటూ ఇటూ చూసినప్పుడల్లా సర్దుకోవాల్సి వస్తుందని, కళ్లు చికిలించడంతో కండరాలు బిగుసుకుంటాయని, బొమ్మ గీసి మరీ రాశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. ఆ ప్రశ్న పరీక్షలో ఉంది కాబట్టి జవాబు పరీక్షకే అనుకున్నాను.

తెరను అనుమానించలేదని కూడా కాదు. ఒకసారి పగటి టైపిస్టును అడిగాను. "నాకేం నొప్పి లేదు, మంచి తెర, అక్షరాలు భలే కనబడతాయి," అందామె. ట్యూబులైట్ల కింద కూర్చుని ఆమె నిజమే చెప్పింది. పైగా డాక్టరుగారి తెరల మీద కూడా అదే స్టిక్కర్ ఉంది. ఆయన రాత్రంతా హాయిగా చూస్తున్నారు. ఇంత చదువుకున్నాయన తలకు లేని జబ్బు నా తలకు ఉందంటే లోపం నా తలలోనే ఉంటుంది కదా అని సరిపెట్టుకున్నాను.

ఆ వారమే మీటరాయన వచ్చాడు.

మూడు నెలలకొకసారి వచ్చి డాక్టరుగారి తెరల వెలుగు సరిగ్గా ఉందో లేదో కొలిచే మనిషి ఆయన. నెరిసిన మీసం, మోకాలి దాకా వేలాడే సంచి. చేతిలో గుప్పెడంత మీటరు, దాని మూతికి రబ్బరు కప్పు. గది చీకటిగా ఉన్నప్పుడే కొలవాలి కాబట్టి రాత్రే వస్తాడు. డాక్టరుగారు కాఫీకి లేచారు. మీటరాయన ఆ తెరల మీద మీటరు ఆనించి, అంకెలు రాసుకుంటూ, నా వైపు ఒకసారి చూశాడు. నేను అప్పటికి మెడ సాచి బావిలోకి చూస్తున్నాను.

"ఏం పాపా, మొహం అలా పెట్టావు?"

"తలనొప్పండి. రోజూ ఉండేదే."

ఆయన నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. తర్వాత బల్ల మీదున్న తెల్ల కాగితం తీసి నా తెర పక్కన పట్టుకున్నాడు.

"ఈ రెండూ చూడు. రెండూ తెల్లవేనా?"

తెర పక్కన ఆ కాగితం మసిగుడ్డలా ఉంది.

"చుట్టూ ఉన్న వెలుగులో కాగితం ఎంత తెల్లగా కనబడుతుందో, తెర కూడా సుమారు అంతే ఉండాలి. తెర దీపంలా వెలుగుతోందంటే ఎక్కువైనట్టు. ఇక్కడ కాగితం కనబడ్డమే లేదు." మీటరు నా తెరకు ఆనించాడు. "నాలుగు వందల ఇరవై. మామూలు ఆఫీసు తెర నూరు, నూటేభై ఉంటే చాలు, అదీ లైట్లు వేసిన గదిలో. ఈ తెర ఇక్కడికి ఎవరు తెచ్చారు?"

"మొదట్నుంచీ ఇక్కడే ఉందండి. డాక్టరుగారి తెరలు కూడా అంతే కదా, ఆయనకి నొప్పి లేదు."

"ఆయన చూసే స్కాన్‌లో ముప్పాతిక నలుపే పాపా. అక్కడక్కడ తెలుపు. నువ్వు చూసేది పేజీ నిండా తెలుపు. నాలుగు వందలున్న ట్యూబులైటుని మొహానికి ఎదురుగా పెట్టుకుని ఎనిమిది గంటలు చదువుతున్నావు."

ఆయన సంచిలోంచి జాబితా తీసి వెనక్కి తిప్పాడు. వేలు ఒక చోట ఆగింది. మీసం కిందికి వాలింది.

"ఇది డాక్టరుగారి పాత తెర. పోయిన ఏడాది పక్కన పెట్టేశాం. జాబితాలో నేనే కొట్టేశాను. టైపింగుకి వాడుకుంటామని తీసుకున్నట్టున్నారు. ఆ నీలం కూడా అందుకే. పాతకాలం ఎక్స్‌రే ఫిల్ము నీలంగా ఉండేది కదా, దానికి అలవాటుపడ్డ డాక్టర్ల కోసం ఈ తెరకి ఆ రంగు పెట్టి ఇచ్చేవాళ్లు."

"మరి స్టిక్కర్?"

"స్కాన్ చూసే తెరకి అది ఉండాలి. ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్లు వెలుగు మారిస్తే సన్నటి పగులు కనబడకుండా పోతుంది. టైపు తెరకి అవసరం లేదు." గొంతు తగ్గించాడు. "పీకేయాల్సింది నేనే. జాబితాలో లేని తెర నేను చూడను కదా, ఏడాదిలో నాలుగు సార్లు దీని పక్కనుంచే వెళ్లాను."

తిలా పాపం తలా పిడికెడు. అందులో నా పిడికెడు అందరికంటే పెద్దది, ఎనిమిది మార్కుల సైజులో.

"అయితే తగ్గించండి," అన్నాను.

"నా జాబితాలో లేదు. నేను ముట్టుకోకూడదు."

"నేనూ ముట్టుకోకూడదు."

ఇద్దరం ఆ తెర వంక చూస్తూ నిలబడ్డాం. చివరికి పక్క గదిలోంచి అక్కను పిలిచాను. ఆవిడ సంగతంతా విని, స్టిక్కర్ చదివి, ఆ సంతకం ఎవరిదని అడిగింది. మీటరాయన తనదేనని ఒప్పుకున్నాడు. "అయితే సంతకం పెట్టినాయన ఎదురుగానే ఉన్నాడు, ఇక భయం దేనికి. మార్చు," అంది నాతో. నేను గోరుతో స్టిక్కర్ అంచు గీకాను. ఏడాది పాటు వేడికి అతుక్కుపోయి ముక్కలుముక్కలుగా వచ్చింది. చివరికి "మార్చ" అన్న ముక్క మిగిలింది.

బటన్‌ను మెల్లగా, ఒక్కొక్కసారే నొక్కాను. ఆసుపత్రి మొత్తం ఆరిపోతుందేమో అన్నట్టు. నూరు దగ్గరికి వచ్చాక మీటరాయన ఆగమన్నాడు. నీలం ఉన్న అమరిక తీసేసి, వెచ్చటి తెలుపు పెట్టమన్నాడు. తర్వాత ఒక చిన్న టేబుల్ లైటు తెప్పించి, నా తెర వెనక, గోడ వైపు తిప్పి పెట్టించాడు. తెర చుట్టూ మరీ చీకటి లేకుండా గోడ మెత్తగా వెలిగింది. అది డాక్టరుగారి తెరల మీద పడుతుందేమోనని మీటరు పెట్టి మరీ చూశాడు. పడలేదు.

"ఎలా ఉంది?"

"మురికిగా ఉందండి. సరిగా కనబడ్డంలేదు."

"పది నిమిషాలు ఆగు. నీ కళ్లు ఇంకా ఆ ట్యూబులైటు దగ్గరే ఉన్నాయి."

పది నిమిషాలకు అక్షరాలు కాగితం మీద అచ్చయినట్టు కనబడ్డాయి. ఆయన వెళ్లేముందు ఇంకో మాట చెప్పాడు. "వెలుగు తగ్గించడం తలకోసం. నీలం తగ్గించడం ఎక్కువగా నిద్రకోసం. నీలం వెలుగు పడితే ఒళ్లు పగలనుకుంటుంది. డ్యూటీ మొదట్లో అది కొంత మంచిదే, మేలుకునుంటావు. చివరి మూడు గంటలు మాత్రం ఇంకా వెచ్చగా పెట్టుకో. ఇంటికెళ్లాక ఫోను?"

నేను మళ్లీ టైపు మొదలుపెట్టాను. పరదాలన్నీ మూసి, చీకటి చేసుకుని, ఫోను వెలుగు నిండా పెంచి, తలనొప్పికి కారణాలు వెతుక్కుంటూ పడుకుంటానని ఎలా చెప్పను.

మొదటి రాత్రే తలనొప్పి పోయిందని చెబితే మీరూ నమ్మరు, నేనూ అబద్ధమాడినదాన్నవుతాను. ఆ రాత్రి రెండింటికి వచ్చింది, కొంచెం సిగ్గుపడుతూ. మూడో రాత్రి మూడున్నరకు వచ్చి పలకరించి పోయింది. అయిదో రాత్రి డ్యూటీ అయిపోయాక పుస్తకం తెరిచి, ఏం రాయాలో తెలియక, "రాలేదు" అని రాశాను. అక్క చూస్తే బాగుంటుందని చివర చుక్క కూడా పెట్టాను. ఫోను వంటింట్లో వదిలి పడుకోవడం మొదలుపెట్టాక మూడు గంటల నిద్ర అయిదయింది. రెండు వారాల పాటు పుస్తకంలో అదే మాట. కంటి డాక్టరమ్మ చూసి, "కుర్చీ దగ్గర ఏం దొరికింది?" అంది. కుర్చీ మార్చిన సంగతి ఆవిడకు చెప్పలేదు. కొన్ని విషయాలు వైద్యులకు కూడా చెప్పకూడదు.

మూడో వారంలో ఒక రాత్రి, ఒంటిగంట దాటాక, డాక్టరుగారు ఒక ఆడమనిషి స్కాన్ చెబుతున్నారు. ఆయనకు అప్పటికి పద్నాలుగో స్కాన్. "కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు," అన్నారు. నేను కుడి అని కొట్టాను. కొట్టి, పక్కనున్న చీటీ వైపు చూశాను. వార్డులో డాక్టరు పంపిన చీటీలో ఎడమ పక్క నొప్పి, ఎడమ పక్క నీరు అనుమానం అని ఉంది. మూడు వారాల కిందట ఆ చీటీ నాకు ఒక నల్లటి మచ్చలా మాత్రమే కనబడేది.

"సార్, చీటీలో ఎడమ అని ఉందండి."

ఆయన కుర్చీ ముందుకు జరిగింది. తెర మీద మూలనున్న కుడి ఎడమల గుర్తు చూశారు. పొద్దున్నే ఆవిడకు సూది పెట్టి నీరు తీయాలని చీటీలోనే రాసుంది.

"ఎడమే," అన్నారు. "ఎడమే అమ్మా. మార్చు."

మార్చాను. నేను తప్పులు చేసిన రెండు రాత్రులూ గుర్తొచ్చాయి. ఆ పెద్దాయన మణికట్టు గురించి నేను అప్పటిదాకా జోకులు వేసుకున్నాను. అది జోకు కాదని ఆ రాత్రే తెలిసింది.

డాక్టరుగారు దాచుకునే మనిషి కాదు. అయిదింటికి అక్కకు తనే చెప్పారు. అక్క నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో కాగితం లేదు.

"ఫైళ్ల గది మాట ఇక లేదు," అంది.

"థాంక్స్ అక్కా."

ఆవిడ కదల్లేదు. తెర వైపు చూస్తోంది.

"ఈ తెర ఇక్కడ పెట్టి ఏడాదయింది. నువ్వొచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు."

"అవునక్కా."

"నీకు ముందు ఇంకో అమ్మాయి ఉండేది. నీ కోర్సే. తలనొప్పి అనేది. నాలుగో నెలలో మూడు తప్పులయ్యాయి. కిందికి పంపేశాను. క్లాసులకి కుదరక కోర్సు మానేసింది." తెర అంచున మిగిలిన స్టిక్కర్ ముక్కను గోరుతో గీకింది. "రాత్రి పని అందరికీ పడదు, నీ ఒంటికి తట్టుకునే శక్తి లేదని నేనే చెప్పాను."

నేను చూడకపోయినా ఆ అమ్మాయి ఆ కుర్చీలో కూర్చుని, మెడ సాచి, కళ్లు చికిలించి ఉన్నట్టు కనబడింది. ఆమె మొహం వైపు మీటరాయన తిరిగి చూడలేదు. అంతే తేడా.

తొమ్మిదింటి దాకా ఇద్దరం ఇంటికి వెళ్లలేదు. ఫైళ్ల గది తలుపు తీయగానే కిందికి దిగాం. ఆ అమ్మాయి నిచ్చెన ఎక్కి పాత ఫిల్ముల కవర్లు సర్దుతోంది. అక్కను చూసి గబగబా దిగింది, ఏదో తప్పు చేసినదానిలా.

"చెప్పండక్కా."

అక్క వాక్యం మొదలుపెట్టి ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టింది. "అప్పుడు నీకు తలనొప్పి వచ్చింది నీ వల్ల కాదు. ఆ తెర వల్ల. వెలుగు ఎక్కువైంది. ఇప్పుడే తెలిసింది. తప్పు నాది."

ఆ అమ్మాయి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను కాగితం సంగతి, మీటరు సంగతి, పాత తెర సంగతి చెప్పాను. మధ్యలో ఒకటి రెండు సార్లు నా మీద నేను జోకు వేయబోయాను. ఆమె నవ్వలేదు, నేనూ మానేశాను.

"నాకు చదువు అచ్చిరాదని మా నాన్న అన్నారు," అంది చివరికి. "నీ బుర్ర అంతేలే అన్నారు. నేనూ అంతే అనుకున్నా."

"వచ్చే బ్యాచిలో మళ్లీ తీసుకుంటారు. నేను వెళ్లి మాట్లాడతా," అంది అక్క. "రాత్రి డ్యూటీ మీరిద్దరూ వారం వారం మార్చుకోండి. రాత్రి లేని వారం క్లాసులకి అడ్డురాకుండా ఎక్కడ చేయాలో నేను చూస్తా."

సగం రాత్రులు పోతాయని నాలో ఒక పిసినారి లెక్క వేసుకుంది. దాన్ని నోరు మూయించి తల ఊపాను.

ఆ అమ్మాయి చేతిలోని కవరు అలమరలో పెట్టింది. వెంటనే తీసి, సరైన అరలో పెట్టింది.

"ఏం చేశారు దానికి? కొత్త తెర వేశారా?"

"లేదు," అన్నాను. "అదే తెర. బటన్ నొక్కాం."

"ఎన్నిసార్లు?"

"గుర్తులేదు. పది పన్నెండు సార్లు ఉంటుంది."

ఆమె నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుంది.

"అంతేనా," అంది.

అక్క తల తిప్పుకుంది. నేను వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.